మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బాయిలర్: నీటి మట్టం, సేఫ్టీ వాల్వు, తనిఖీల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు, బంగారుపాళ్యం, దామలచెరువు, పుత్తూరు వైపు తోతాపురి కాయ దిగే రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీల బాయిలర్లు రాత్రింబవళ్లు మండుతాయి. సీజన్ అయిపోగానే నెలల తరబడి చల్లారి పడుంటాయి. ఎక్కువ భాగం కట్టెలు, బ్రికెట్లు, పొట్టుతో నడిచే చిన్న బాయిలర్లే. ఈ జవాబులన్నీ అలాంటి బాయిలర్ దగ్గర నిలబడే ఆపరేటర్‌నూ, దాన్ని నడిపించే యజమానినీ దృష్టిలో పెట్టుకుని రాసినవి.

బాయిలర్ పేలేది ప్రెషర్ ఎక్కువైతేనే కదా? సేఫ్టీ వాల్వు బాగుంటే ఇంక భయమేముంది?

ఎక్కువమంది నమ్మేది ఇదే. నమ్మకం సగమే నిజం. మామూలు ప్రెషర్‌లో ఉండగానే బాయిలర్ పేలవచ్చు, ఆ సమయంలో సేఫ్టీ వాల్వు కిమ్మనదు.

లోపల ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు ఉన్నప్పుడు నీళ్లు సుమారు 184 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మంట అవతల ఎంత భగభగ మండుతున్నా, ఇవతల నీళ్లు తగులుతున్నంత సేపు ఫర్నేస్ ప్లేటు, ట్యూబులు ఆ 184 కంటే కొంచెమే పైన ఉంటాయి. వేడిని నీళ్లు ఎప్పటికప్పుడు లాగేసుకుంటాయి. మట్టం దిగి ప్లేటు పైభాగం నీళ్లలోంచి బయటపడితే ఆ వేడిని తీసుకునేది ఆవిరి ఒక్కటే, దానికి అంత శక్తి లేదు. ప్లేటు నిమిషాల్లోనే ఎర్రబడుతుంది. 500 డిగ్రీలు దాటాక బాయిలర్ స్టీలు బలం వేగంగా తగ్గిపోతుంది, 600 దగ్గర సగానికంటే బాగా కిందికి పడిపోతుంది. నిన్నటిదాకా సులువుగా మోసిన 10 కిలోలే ఇప్పుడు ఆ ప్లేటుకు మోయలేని బరువు. ఫర్నేస్ లోపలికి కుంగుతుంది, చిరుగుతుంది. ప్రెషర్ గేజి మాత్రం అప్పుడు కూడా 10 మీదే ఉండవచ్చు.

అందుకే ఈ పేజీలో నీటి మట్టానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

చిరిగితే ఆవిరి బయటికి పోతుంది, అంతే కదా. షెడ్డు మొత్తం ఎందుకు ఎగిరిపోతుంది?

విధ్వంసం అప్పటికే ఉన్న ఆవిరి వల్ల జరిగేది కొంతే. ఎక్కువ భాగం నీళ్ల వల్ల జరుగుతుంది. 184 డిగ్రీల నీళ్లు నీళ్లుగా ఉన్నాయంటే పైన ప్రెషర్ అదిమి పట్టడం వల్లనే. ఆ ప్రెషర్ ఒక్కసారిగా పోతే దాదాపు ఆరో వంతు నీళ్లు అప్పటికప్పుడు ఆవిరైపోతాయి. బాయిలర్‌లో మూడు టన్నుల నీళ్లు ఉన్నాయనుకుంటే 480 కిలోల దాకా ఆవిరి పుడుతుంది. బయటి గాలి ప్రెషర్‌లో అది సుమారు 800 ఘనపు మీటర్ల చోటు కావాలంటుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల ఎత్తున్న షెడ్డు ఒక్క క్షణంలో నిండిపోయే ఆవిరి అది. గోడలు కూలేదీ, షెల్లు లేచి దూరంగా పడేదీ అందుకే.

మా బాయిలర్‌కు నీళ్లు తగ్గితే ఆగిపోయే స్విచ్ ఉంది. అది చాలదా?

మన దగ్గర మోబ్రే అని పిలుచుకునే ఫ్లోట్ స్విచ్ గురించే అయితే, అది ఏం ఆపుతుందో ముందు చూసుకోండి. డీజిల్, గ్యాస్ బాయిలర్‌లో అది బర్నర్‌ను ఆపుతుంది, మంట ఆ క్షణమే పోతుంది. కట్టెల బాయిలర్‌లో అది అలారం మోగించి, మంటకు గాలి కొట్టే ఫ్యాన్లను ఆపుతుంది. కట్టెలను ఆర్పలేదు. గ్రేటు మీద ఉన్న నిప్పు చిమ్నీ లాగే గాలితో మండుతూనే ఉంటుంది, ఆవిరి పుడుతూనే ఉంటుంది, మట్టం దిగుతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. గంటకు రెండు టన్నుల బాయిలర్. నిమిషానికి సుమారు 33 లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. షెల్లు లోపల నీటి ఉపరితలం ఐదు చదరపు మీటర్లు అనుకుంటే, ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 50 లీటర్లు. మామూలు మట్టానికీ పై వరస ట్యూబులకూ మధ్య 15 సెంటీమీటర్లు ఉందనుకుందాం. మొత్తం 750 లీటర్లు. సీజన్ మధ్యలో, గుజ్జు ఉడికించే కెటిళ్లన్నీ ఆవిరి లాగుతున్న సమయంలో ఫీడ్ పంపు నీళ్లు తోయడం మానేసిందంటే, ట్యూబులు బయటపడటానికి 22 నిమిషాలు చాలు. ఫ్లోట్ స్విచ్ మామూలు మట్టానికి 7 సెంటీమీటర్ల కింద పనిచేస్తుందంటే పది నిమిషాలు దాటాక అలారం మోగుతుంది. మిగిలేది మరో పన్నెండు నిమిషాలు. ఫ్యాన్లు ఆగడం వల్ల ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో మనిషి కదలాలి.

మీ బాయిలర్ కొలతలు వేరుగా ఉంటాయి. మీ డ్రాయింగు ముందు పెట్టుకుని ఈ లెక్కే వేసి, వచ్చిన నిమిషాలను బాయిలర్ గదిలో పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. ఆపరేటర్ టీ తాగడానికి ఎంత దూరం పోవచ్చో ఆ అంకె చెబుతుంది.

ఫ్లోట్ గది అడుగున బురద చేరితే ఫ్లోట్ పైనే ఇరుక్కుపోయి ఎప్పటికీ నీళ్లున్నట్టే చెబుతుంది. ప్రతి షిఫ్టులో ఆ గదికి బ్లో డౌన్ ఇచ్చి, అంటే అడుగు వాల్వు తెరిచి బురద నీళ్లు వదిలి, అలారం మోగిందా, ఫ్యాన్లు ఆగాయా అని కళ్లారా చూడాలి. అలారం గోల భరించలేక వైరు పీకేసిన చోట్లు ఉన్నాయి. అలాంటి బాయిలర్‌ను వెలిగించకూడదు.

పంపు నడుస్తూనే ఉంది, మట్టం మాత్రం ఎక్కడం లేదు. ఎందుకు?

పంపు తిరుగుతున్న శబ్దం విని నీళ్లు పోతున్నాయనుకోవడం ప్రమాదం. ఎక్కువగా కనిపించే కారణం ఫీడ్ ట్యాంకు నీళ్లు మరీ వేడెక్కడం. కెటిళ్లలో ఆవిరి చల్లారి నీళ్లైన కండెన్సేట్ తిరిగొచ్చి ట్యాంకు 90 డిగ్రీలకు చేరితే, పంపు పీల్చేచోట నీళ్లు ఆవిరై పంపు వట్టిగా తిరుగుతుంది. గులకరాళ్లు దొర్లినట్టు శబ్దం వస్తుంది, మోటారు ఆంపియర్లు పడిపోతాయి, డెలివరీ గేజి ముల్లు కొట్టుకుంటుంది. ట్యాంకులోకి చల్లటి సాఫ్ట్ నీళ్లు వదిలి, పంపులో చేరిన ఆవిరిని బయటికి వదలాలి. స్ట్రెయినర్ మూసుకుపోవడం, ట్యాంకు ఖాళీ అవడం, చెక్ వాల్వు ఇరుక్కోవడం మిగతా కారణాలు.

కరెంటు పోయినప్పుడు సంగతి వేరు. పంపు ఆగుతుంది, నిప్పు ఆగదు. అందుకే నీళ్లు పెట్టడానికి రెండో దారి ఉండి తీరాలి. ఆవిరితోనే పనిచేసే ఇంజెక్టర్ ఉంటే కరెంటుతో పనిలేదు, కానీ దానికి చల్లటి నీళ్లే అందాలి, వేడి నీళ్లను అది తోయలేదు. జనరేటర్ మీద ఆధారపడేవారు ఫీడ్ పంపు ఆ లైన్‌లోనే ఉందో లేదో సీజన్‌కు ముందే చూసుకోవాలి. ఆఫీసు దీపాలు వెలిగి, పంపు మాత్రం వెలగని జనరేటర్ కనెక్షన్లు ఉన్నాయి.

గేజ్ గ్లాసులో నీళ్లు నిండుగా కనిపిస్తున్నాయి. నమ్మొచ్చా?

పరీక్షించాకే నమ్మాలి. గ్లాసుకు పైన ఆవిరి కాక్, కింద నీటి కాక్, అడుగున డ్రెయిన్ కాక్ ఉంటాయి. కింది దారి బురదతో, నీళ్లలోని సున్నం గట్టిపడిన పొలుసుతో మూసుకుపోయిందనుకోండి. పైనుంచి వచ్చిన ఆవిరి గ్లాసులో చల్లారి నీళ్లై, కిందికి దిగే దారి లేక మెల్లగా నిండిపోతుంది. పై దారి మూసుకుపోయినా అంతే, గ్లాసు పైభాగంలోని ఆవిరి చల్లబడి కుంచించుకుపోయి కింది నీళ్లను పైకి లాక్కుంటుంది. రెండు సందర్భాల్లోనూ గ్లాసు నిండుగా కనిపిస్తుంది, బాయిలర్ ఖాళీ అవుతూ ఉంటుంది. గ్లాసులో నీళ్లు సన్నగా ఊగుతూ ఉండాలి. కదలకుండా నిలబడిన మట్టాన్ని చూస్తే అనుమానం రావాలి.

పరీక్ష ఇలా చేస్తారు. పక్కకు నిలబడి, ముఖానికి అద్దాల కవచం పెట్టుకుని, ఆవిరి కాక్, నీటి కాక్ రెండూ మూసి డ్రెయిన్ తెరవండి. గ్లాసు ఖాళీ అయ్యాక ఏమీ కారకూడదు. కారితే ఆ కాకులు సరిగా మూసుకోవడం లేదని అర్థం. ఇప్పుడు నీటి కాక్ ఒక్కటే తెరవండి, నీళ్లు జోరుగా తన్నుకు రావాలి. దాన్ని మూసి ఆవిరి కాక్ తెరవండి, ఆవిరి జోరుగా రావాలి. దాన్నీ మూసి, డ్రెయిన్ మూసేయండి. తర్వాత ముందు నీటి కాక్ తెరిస్తే గ్లాసు పైదాకా నిండుతుంది, ఆపైన ఆవిరి కాక్ తెరవగానే నీళ్లు చకచకా దిగి అసలు మట్టం దగ్గర నిలబడతాయి. నీరసంగా దిగితే దారిలో ఏదో అడ్డు ఉన్నట్టే. రెండు గ్లాసులకూ ఇదే పని, ప్రతి షిఫ్టు మొదట్లో. రెండూ ఒకే మట్టం చూపాలి.

మరో మాయ ఉంది. నాలుగైదు కెటిళ్ల ఆవిరి వాల్వులు ఒకేసారి తెరిస్తే బాయిలర్ ప్రెషర్ గభాలున పడి, నీళ్లలో బుడగలు ఉబ్బి మట్టం పైకి లేస్తుంది. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని పంపు ఆగిపోతుంది. రెండు మూడు నిమిషాల్లో ఉబ్బు దిగాక అసలు మట్టం ఎంత కిందుందో బయటపడుతుంది. కెటిళ్లను ఒకటి తర్వాత ఒకటిగా తెరవమని గుజ్జు గదిలోని వాళ్లకు చెప్పి ఉంచాలి.

గ్లాసులో నీళ్లే కనబడకపోతే? వెంటనే పంపు వేసెయ్యాలా?

వద్దు. ఈ ఒక్క జవాబు మటుకు ఆపరేటర్లందరికీ నోటికి వచ్చి ఉండాలి. ప్లేటు ఎర్రబడి ఉందో లేదో మీకు కనబడదు. ఎర్రబడి ఉంటే చల్లటి నీళ్లు తగలగానే అది ఒక్కసారిగా కుంచించుకుని పగుళ్లిస్తుంది, అదే సమయంలో ఆవిరి ఎగదన్నుతుంది.

ఫ్యాన్లు ఆపండి. కట్టెలు వేయడం ఆపండి. ఫీడ్ పంపు ఆపి, అది తనంతట తాను మొదలవకుండా స్విచ్ తీసేయండి. నిప్పు మీద తడి బూడిద గానీ ఇసుక గానీ దట్టంగా కప్పండి. నిప్పు మీద నీళ్లు చల్లకండి. కట్టెలను కెలికి బయటికి లాగితే మంట కాసేపు ఇంకా పెరుగుతుంది, కాబట్టి కప్పడమే మేలు. ప్రెషర్ తగ్గిద్దామని సేఫ్టీ వాల్వును చేత్తో ఎత్తకండి, మెయిన్ స్టాప్ వాల్వును విసురుగా తిప్పకండి. అందరినీ బయటికి పంపి, మీరూ దూరంగా వెళ్లండి. బాయిలర్ దానంతట అది చల్లారాలి. తర్వాత బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కు తెలిపి, లోపల చూసిన మీదటే మళ్లీ వెలిగించాలి. ఆ పూట కాయ కుళ్లుతుంది, నష్టం నిజమే. ఆ నష్టం భరించగలిగినదే.

ఫ్యూజిబుల్ ప్లగ్ ఉంది కదా, అది కరిగి కాపాడదా?

కాపాడవచ్చు. ఫర్నేస్ నెత్తిన బిగించే ఈ ప్లగ్ మధ్యలో తక్కువ వేడికే కరిగే లోహం ఉంటుంది. నీళ్లు దిగితే అది కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్ముతుంది. కానీ ప్లగ్ మీద పొలుసు గట్టిపడి ఉంటే లోహం కరిగినా దారి తెరుచుకోదు. ప్రతి వార్షిక తనిఖీలో బయటికి తీసి చూడాలి, పాతబడితే కొత్తది వేయాలి. ఆ చోట బోల్టు బిగించి నడపడం నేరం కింద లెక్క.

సేఫ్టీ వాల్వు కారుతోంది. స్ప్రింగు కాస్త బిగిస్తే సరిపోతుందా?

బిగించిన మరుక్షణం మీ సర్టిఫికెట్‌లో రాసిన ప్రెషర్‌కు విలువ లేకుండా పోతుంది. వాల్వు ఎత్తుకునే ప్రెషర్ సర్టిఫికెట్‌లోని పని ప్రెషర్‌ను మించకూడదు. ఇన్‌స్పెక్టర్ ఎదుట ఆవిరి మీద సెట్ చేసి సీలు వేసేది అందుకే. కారడానికి కారణం దాదాపు ఎప్పుడూ సీటు మీదే ఉంటుంది, చిన్న పొలుసు ముక్కో, ఆవిరి కోసిన గీతో. బాయిలర్ ఆపి, వాల్వు విప్పి, సీటును నూరించి మళ్లీ సెట్ చేయించాలి.

సైజు కూడా చూసుకోవాలి. మెయిన్ స్టాప్ వాల్వు మూసి, నిండు మంట మీద నడిపినా వాల్వులు పుట్టిన ఆవిరినంతా వదిలేయాలి, ప్రెషర్ పది శాతానికి మించి పెరగకూడదు. పాత వాల్వు పోయిందని బజార్లో దొరికిన చిన్నది పెడితే అది సరైన ప్రెషర్‌లోనే తెరుచుకుంటుంది, కానీ ప్రెషర్ పెరుగుతూనే ఉంటుంది.

వాల్వుకూ బాయిలర్‌కూ మధ్య, వాల్వు తర్వాతి పైపు మీద కూడా, మరో వాల్వు ఉండరాదు. ఆ పైపు కప్పు బయటికి, మనుషులు తిరగని వైపు తెరుచుకోవాలి, అడుగున నీళ్లు కారే రంధ్రం ఉండాలి. ఎత్తే లీవరును వారానికోసారి లాగి చూడండి, అయితే బాయిలర్ ప్రెషర్ సెట్ ప్రెషర్‌లో కనీసం ముప్పావు వంతు ఉన్నప్పుడే. తక్కువలో లాగితే సీటు మీద చెత్త మిగిలి కారడం మొదలవుతుంది.

చిత్తూరు బోరు నీళ్లు నేరుగా పోయొచ్చా?

పోయకండి. జిల్లాలో చాలా బోర్ల నీళ్లలో హార్డ్‌నెస్ ఎక్కువ. లోతైన బోరైతే మరీనూ. ఆ సున్నం ట్యూబుల మీద పొలుసుగా పేరుకుంటే, నీళ్లు మట్టం దాకా ఉన్నా లోహానికి తగలవు. మట్టం దిగినప్పుడు జరిగేదే నెమ్మదిగా జరుగుతుంది. ట్యూబు ఉబ్బుతుంది, ఒకరోజు చిరుగుతుంది.

సాఫ్ట్‌నర్ ఉన్నంత మాత్రాన సాఫ్ట్ నీళ్లు వస్తాయని కాదు. ఉప్పుతో కడగాల్సిన సమయం దాటితే అది బోరు నీళ్లనే బయటికి పంపిస్తుంది. షిఫ్టుకోసారి టెస్ట్ కిట్‌తో చూడండి. ఇండికేటర్ చుక్క వేశాక నీళ్లు నీలంగా ఉంటే సరే, ఎర్రగా మారితే సాఫ్ట్‌నర్‌లోని రెసిన్‌ను ఉప్పుతో కడగాలి. బాయిలర్‌లో పేరుకునే ఉప్పులను బ్లో డౌన్ ఇచ్చి తీసేయాలి. అప్పుడు కూడా కళ్లు గ్లాసు మీదే ఉండాలి, ఒక చేత్తో బ్లో డౌన్ తిప్పుతూ ఇంకో పని చూడకూడదు.

ఏడాది తనిఖీ ఎప్పుడు పెట్టుకోవాలి? ఏం చేస్తారు?

సర్టిఫికెట్ గరిష్ఠంగా పన్నెండు నెలలకే ఇస్తారు. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చినా, సర్టిఫికెట్ లేకుండా నడపకూడదన్న మూల నియమం అలాగే ఉంది. మన సీజన్‌కైతే మార్చి, ఏప్రిల్‌లో తనిఖీ పెట్టుకోవడం తెలివైన పని. పగుళ్లు కనబడితే బాగు చేయించడానికి టైముంటుంది. మే చివర్లో పిలిస్తే, కాయ యార్డుకు వచ్చేసిందని అందరి మీదా ఒత్తిడి పడుతుంది.

బాయిలర్ పూర్తిగా చల్లార్చి, మ్యాన్‌హోల్, హ్యాండ్‌హోల్ మూతలు తీసి, పొలుసు, మసి శుభ్రం చేసి ఉంచాలి. వాల్వులు, గేజి కాకులు విప్పి పెట్టాలి. ఇన్‌స్పెక్టర్ లోపలికి చూసి పొలుసు మందం, నీటి గీత దగ్గర తుప్పు గుంతలు, ట్యూబ్ ప్లేటు పగుళ్లు, ఫర్నేస్ వంపు పరిశీలిస్తారు. అవసరమైతే మందం కొలుస్తారు. తర్వాత హైడ్రాలిక్ పరీక్ష. లోపల గాలి లేకుండా నీళ్లు నింపి, పని ప్రెషర్‌కంటే పైకి, సాధారణంగా ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్ల మధ్య, ఆయన చెప్పినంత ఎక్కిస్తారు. ఆ సమయంలో సేఫ్టీ వాల్వులు తెరుచుకోకుండా బిగిస్తారు. పరీక్ష అవగానే ఆ బిగింపులు తీశారా అని యజమానే స్వయంగా చూసుకోవాలి. మరిచిపోయి వెలిగిస్తే ఆ బాయిలర్‌కు సేఫ్టీ వాల్వు లేనట్టే. చివర ఆవిరి మీద వాల్వు పరీక్ష.

కారే ట్యూబును ఊళ్లో వెల్డర్‌తో అంటించుకోవడం కుదరదు. ముందు అనుమతి, తర్వాత బాయిలర్ వెల్డింగ్ సర్టిఫికెట్ ఉన్నవారి చేతే పని.

సీజన్ అయ్యాక బాయిలర్‌ను ఎలా ఉంచాలి?

సగం నీళ్లతో అలాగే వదిలేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. గాలిలోని ఆక్సిజన్ నీటి గీత వెంట గుంతలు తవ్వుతుంది. మన దగ్గర ఖాళీ కాలం చాలా ఎక్కువ కాబట్టి పొడిగా ఉంచడమే మంచిది. గోరువెచ్చగా ఉండగానే నీళ్లు వదిలి, లోపల కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తేమ పీల్చే, నీళ్లు కలపని కాల్చిన సున్నం గానీ సిలికా జెల్ గానీ పళ్లేల్లో పెట్టి మూతలు బిగించాలి. మసివైపు కూడా శుభ్రం చేయాలి, బూడిద తేమ పట్టి బయటినుంచి తింటుంది. పళ్లేలు ఎన్ని పెట్టారో మూత మీదే రాయండి, మళ్లీ నీళ్లు నింపే రోజు అన్నీ బయటికి రావాలి.

కెటిళ్లు, రిటార్టులు, కంప్రెసర్ ట్యాంకు కూడా ప్రమాదమేనా?

అవును. 3 కిలోలకు చేసిన కెటిల్ జాకెట్‌కు 10 కిలోల లైను నుంచి రెడ్యూసింగ్ వాల్వు ద్వారా ఆవిరి వస్తుంది. ఆ వాల్వు ప్రెషర్ తగ్గించకుండా వదిలేస్తే జాకెట్ మీద 10 పడుతుంది. కాబట్టి తక్కువ ప్రెషర్ వైపు విడిగా సేఫ్టీ వాల్వు ఉండాలి. డబ్బాలను ఆవిరితో వేడి చేసే రిటార్టు తలుపు లోపలి ప్రెషర్ పూర్తిగా పోయేదాకా తెరుచుకోకుండా ఇంటర్‌లాక్ పనిచేయాలి. గేజి సున్నా చూపినా వెంట్ తెరిచి, ఆవిరి ఆగిందని చూశాకే తియ్యండి. ఫ్యాక్టరీ నియమాల కింద వీటికి ఆరు నెలలకోసారి బయటి పరీక్ష, ఏడాదికోసారి లోపలి పరీక్ష చేయించాలి.

తిరుపతిలో హోటల్ నడుపుతున్నాం. ఇడ్లీ స్టీమర్‌కు పెట్టిన చిన్న బాయిలర్‌కు కూడా సర్టిఫికెట్ కావాలా?

25 లీటర్ల లోపుంటే, లేదా ఒక కిలో ప్రెషర్ లోపే పనిచేసేలా తయారైతే చట్టం పరిధిలోకి రాదు. సత్రాల్లో, హాస్టళ్లలో పెట్టే చాలా బాయిలర్లను ఈ హద్దుల్లోపల ఉండేలాగే చేస్తారు. ఇన్‌స్పెక్టర్ రాడు కాబట్టి చూసుకోవాల్సింది మీరే. కొనేటప్పుడు ప్లేటు మీద ఎన్ని లీటర్లు, ఎంత ప్రెషర్ రాసి ఉందో చూసి, సేఫ్టీ వాల్వు ఎక్కడ తెరుచుకుంటుందో అమ్మినవాళ్ల చేత మీ ఎదుటే నడిపించి చూపించమనండి. అర కిలో బాయిలర్‌కు రెండు కిలోల వాల్వు బిగించి ఉంటే వెనక్కి పంపేయండి. వంటవాళ్లలో ఇద్దరికి గ్లాసు చూడటం, పరీక్షించడం నేర్పండి, ఒకరు సెలవు పెట్టిన రోజు ఇంకొకరు ఉంటారు.